పున్నమ్మ ఎందుకు నోరు మెదపలేదు

సాయిప్రసాద్ లాప్‌టాప్‌లో రెండు ఫైళ్లున్నాయన్న సంగతి రోజారమణికి ఓ శనివారం మధ్యాహ్నం తెలిసింది. అప్పుడతను కింద కొట్టు ముందు నిలబడి లారీలోంచి కందిపప్పు బస్తాలు దింపిస్తున్నాడు. పై గదిలో ఆమె ఒక్కతే ఉంది. స్క్రీను మీద ‘తాళం – ఫైనల్’ అని ఒక ఫైలు. అది ఇద్దరూ కలిసి రాసింది. దాని కిందే ఇంకొకటి, ‘తాళం – ఎస్పీ కాపీ’.

ఎస్పీ అంటే సాయిప్రసాద్. అందులో సందేహం లేదు.

ఆమె దాన్ని తెరవలేదు. తెరిస్తే ఎప్పుడు తెరిచిందీ దానికి గుర్తుండిపోతుంది. ఆ కిటుకు ఆమెకు నేర్పింది కూడా ప్రసాదే. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, ఫైలును చూడనిదానిలా కిటికీలోంచి జగ్గయ్యపేట బజారు చూస్తూ కూర్చుంది.

ఇద్దరూ నందిగామ డిగ్రీ కాలేజీలో ఒకే బెంచీ కాకపోయినా ఒకే క్లాసు. తర్వాత ఆమె బీఈడీ చేసి నందిగామలోనే హైస్కూల్లో తెలుగు చెబుతోంది. అతను హైదరాబాదు వెళ్లి ఆరేళ్లు డైలీ సీరియళ్లకు డైలాగులు రాశాడు. ఒకే అత్త చేత ఒకే కోడలికి ఆరేళ్లు విషం కలిపించి విసుగెత్తి, పేటకొచ్చి నాన్న కిరాణా హోల్‌సేల్ కొట్లో కూర్చున్నాడు. ఆమె కథలు ఆదివారం పేపర్లో చదివి ఒకరోజు ఫోన్ చేశాడు.

"సీరియల్ కాదు రోజా. సీరీస్. మన ఊళ్ల కథ. నువ్వు మనుషుల్ని రాయి, నేను మలుపులు రాస్తా."

ఇలాంటి పెద్ద కథను ఓటీటీ కంపెనీ వాళ్లకు చూపించాలంటే ఎపిసోడ్లన్నీ రాసివ్వక్కర్లేదు. ఆ ఎపిసోడ్లన్నీ దేనిమీద నిలబడతాయో చెప్పే పుస్తకం ఒకటి తయారుచేయాలి. కథ ఒక్క ముక్కలో, ఊరు ఎలాంటిది, ప్రతి మనిషికీ ఏం కావాలి, ఏం దాస్తున్నాడు, సీజను సీజనుకీ ఎక్కడికి చేరతాడు, చూస్తున్నవాడికి ఏ వాసన తగలాలి, అన్నీ అందులో ఉండాలి. రేపు పదిమంది రచయితలు వచ్చి కూర్చున్నా, ఎవరికి అనుమానం వచ్చినా ఆ పుస్తకం తీసి చూసుకోవాలి. ఆ రంగంలో దాన్ని బైబిల్ అంటారు.

"బైబిల్ రాస్తున్నా అన్నయ్యా" అని ఇంట్లో చెబితే దేవరాజ్ అన్నం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్వాడు. "ఉన్నది చాల్లేదా అమ్మాయ్?"

ఏడు నెలల్లో నలభై రెండు పేజీలయ్యాయి. కథ ఇది. పద్దెనిమిదేళ్ల కిందట వీరరాఘవయ్య అనే మిర్చి వ్యాపారి గోదాము తగలబడింది. లోపల కాపలావాడు ఏసురత్నం చచ్చిపోయాడు. తలుపుకు బయటనుంచి తాళం వేసి ఉంది. ఆ తాళం వేసింది వీరరాఘవయ్యే. లోపల మనిషున్నాడని తెలిసి వేశాడా, తెలియక వేశాడా అన్నది చివరి సీజను దాకా తేలదు. వేస్తుండగా చూసింది మాత్రం ఏసురత్నం భార్య పున్నమ్మ. చూసి కూడా, అదే వీరరాఘవయ్య దగ్గరికి మిరపకాయల తొడిమలు తీసే పనికి పద్దెనిమిదేళ్లుగా వస్తూనే ఉంది. మొదటి సీజనులో వ్యాపారం చేతికి తీసుకున్న మనవరాలు లహరికి తాళం సంగతి దొరుకుతుంది. రెండో సీజనులో ఇది ఇంకా ఎవరికి తెలుసో అని ముసలాయన వెతుక్కుంటాడు. మూడో సీజనులో పున్నమ్మ నోరు విప్పుతుంది. సీజనుకు ఎనిమిది చొప్పున ఇరవై నాలుగు ఎపిసోడ్లు.

వీరరాఘవయ్యనూ లహరినీ ప్రసాద్ రాశాడు. పున్నమ్మనూ, గోదాములో పనిచేసే ఆడవాళ్లనూ రోజారమణి రాసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ప్రసాద్ కాదు, వాళ్లమ్మ బాలామణి. రెండు పేపరు కప్పుల్లో టీ తెచ్చింది.

"తాగమ్మా, చల్లారిపోద్ది. వాడికి లారీ వస్తే లోకం తెలీదు."

"పర్లేదు ఆంటీ."

కప్పు తీసుకుంటూ రోజారమణి మనసులో నవ్వుకుంది. ఈ ఇంట్లో అందరూ పేపరు కప్పుల్లోనే తాగుతారు. ఇవి వచ్చాక ఎవరు వేరే గ్లాసు పెట్టేవాళ్లో, ఎవరి మనసులో ఏముందో పట్టుకోవడం కష్టమైపోయింది.

"ఏం రాస్తున్నారమ్మా అంతగా? మా వాణ్ణడిగితే చెప్పడు. మిర్చి వ్యాపారమంటగా? మా మామగారు కూడా మొదట్లో మిర్చే చేసేవారు."

"అట్టాగా ఆంటీ? నాకు తెలీదే."

"చాన్నాళ్ల మాటలే" అని బాలామణి ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ప్రసాద్ చొక్కా దులుపుకుంటూ వచ్చాడు. "సారీ టీచరమ్మా. ఎక్కడున్నాం?"

"టోన్ పేజీ."

"చదువు."

ఆమె చదివింది. "ఇది నేరం కథ కాదు, అనుమానం కథ. గోదాము సీన్లలో సంగీతం ఉండదు. ఎవరో ఒకరు దగ్గుతూ ఉంటారు. ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంటారు కాబట్టి వాళ్ల మొహాలు సగమే కనపడతాయి. ఎవరూ గట్టిగా ఏడవరు. నవ్వులు ఎక్కువ."

"నవ్వులు ఎందుకు ఎక్కువ? మొగుడు చచ్చిన మనిషి కథ."

"తొడిమలు తీసే చోట కూర్చున్నావా ఎప్పుడన్నా?"

"లేదు."

"కూర్చుంటే అడగవు."

"సర్లే, ఉంచు. బానే ఉంది. సీరియల్లో అయితే ఆ దగ్గుకే మూడుసార్లు కెమెరా తిప్పేవాళ్లం, ముగ్గురు కోడళ్ల మొహాల మీదికి." అతను నవ్వి లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. తిప్పుకుంటూ స్క్రీను మీది ఫైళ్ల విండో మూసేశాడు. ఆమె చూసింది.

"ఫైనల్ కాపీలు ఎన్నున్నాయి ప్రసాదూ?"

"ఒక్కటే. ఎందుకు?"

"ఊరికే."

ఆ రోజు ఆమె సంచిలో ఒక నోటుపుస్తకం ఉంది. దాంట్లో రెండు పేజీలు, పున్నమ్మ పద్దెనిమిదేళ్లు ఎందుకు ఊరుకుందో. అసలు వచ్చింది అవి చదివి వినిపించడానికే. బైబిల్ నాలుగో పేజీలో ప్రసాద్ మొదట్లోనే ఒక వాక్యం రాశాడు: ‘తాళం సంగతి ఊళ్లో పున్నమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.’ అప్పుడే ఆమెకు అది తప్పని తెలుసు. చెబుదామని నోటిదాకా వచ్చి ఆగింది. అతను ఆ వాక్యం ఎంత ధీమాగా కొట్టాడంటే, ఆ ధీమాను చూసి ఆమెకు ఒక రకమైన జంకు పుట్టింది. ఆ తప్పు దిద్దాలంటే తన సొంతూరు వీరులపాడులో చర్చి వీధి మొత్తాన్ని ఎత్తి అతని చేతిలో పెట్టాలి. ముందు మనిషేంటో తేలనీ అనుకుంది. ఏడు నెలలకు తేలిందనుకుని నోటుపుస్తకం తెచ్చింది.

ఇప్పుడు దాన్ని సంచిలోంచి తీయలేదు.

"పున్నమ్మ ఎందుకు ఊరుకుందో ఇంకా ఖాళీగానే ఉందే" అన్నాడు ప్రసాద్, ఇరవై రెండో పేజీ దగ్గర ఆగి. "రాస్తానన్నావుగా."

"ఇంకా దొరకలా."

"శనివారానికల్లా దొరకాలి తల్లీ. నిఖిత గారు వస్తున్నారు."

నిఖిత ఓటీటీ కంపెనీలో కొత్త కథలు చూసే అధికారి. వచ్చే శనివారం హైదరాబాదు నుంచి విజయవాడలో పెళ్లికి వెళుతూ, దారిలో చిల్లకల్లు దగ్గర హోటల్లో గంటసేపు ఆగుతానంది. నలభై రెండు పేజీలూ మెయిల్లో పంపారు, చదివే వస్తానంది. తను వచ్చేముందే ఒక కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి పంపాలంది.

ఆ కాగితం తీసుకుని రోజారమణి ఆ సాయంత్రమే నందిగామలో అన్న దగ్గరికి వెళ్లింది. దేవరాజ్ అక్కడి కోర్టులో లాయరు. కేసుల కంటే అనుమానాలు ఎక్కువున్న లాయరు.

అతను చదివి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు. "ఏముందో అర్థమైందా నీకు? ఇట్టాంటి కథే మా దగ్గర ఇంకోటి ఉండొచ్చు, రేపు అది తీస్తే నువ్వు మమ్మల్ని అడగకూడదు అంటున్నారు కంపెనీ వాళ్లు."

"అందరి దగ్గరా ఇదే రాయించుకుంటారంట అన్నయ్యా. లేకపోతే కథే వినరంట."

"ఎవరు చెప్పారు?"

"ప్రసాద్."

"ఆ. ప్రసాదే చెప్తాడు." గొంతు తగ్గించాడు. "కథ రిజిస్టర్ చేయించారా?"

"రచయితల సంఘంలో చేయించాడు."

"ఎవరి పేరు మీద?"

"తన పేరు మీదే. సభ్యుడైతేనే తీసుకుంటారంట. నేను సభ్యురాలిని కాదుగా. తర్వాత కలుపుతానన్నాడు."

"తర్వాత!" దేవరాజ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అమ్మాయ్, నేను ఈ కోర్టులో పన్నెండేళ్లుగా చూస్తున్నా. తర్వాత అన్న మాట మీద సగం దావాలు నడుస్తున్నాయి. రెండో ఫైలు ఉందంటున్నావు, సర్టిఫికెట్ మీద వాడి పేరొక్కటే ఉందంటున్నావు. నీ దగ్గర ఏం మిగిలుంది?"

"పున్నమ్మ ఎందుకు ఊరుకుందో అది ఇంకా ఇవ్వలా."

"అది లేకపోతే కథ నడవదా?"

"నడవదు."

"అయితే ఇవ్వమాక. అంతే. నా ఫీజు ఓ ప్లేటు పునుగులు."

ఆమె సంతకం పెట్టింది. కానీ పున్నమ్మ విషయంలో దేవరాజ్ మాట వింది.

ఆ వారమంతా ప్రసాద్ రోజుకో మెసేజ్ పెట్టాడు. ‘దొరికిందా?’ ఆమె ‘ఇంకా లేదు’ అని కొట్టేది. గురువారం నాడు అతనే, ‘సర్లే, నేను ఏదోటి చూస్తా’ అన్నాడు. ఆ మాట చదివి ఆమె పదో తరగతి పిల్లల పేపర్లు దిద్దడం ఆపి చాలాసేపు ఫోను వంకే చూసింది. ఏదోటి అంటే ఏది? ఎస్పీ కాపీలో ఉన్నదా?

శనివారం పొద్దున నందిగామలో బస్సెక్కి చిల్లకల్లులో దిగింది. హోటలు హైవే పక్కనే. ప్రసాద్ అప్పటికే వచ్చి మూల టేబుల్ పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, ముందు రెండు ప్రింటు కాపీలు. ఆమె కూర్చోగానే మొదటి పేజీ తిప్పి చూసింది. కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అతని పేరు ముందుంది.

"అక్షర క్రమంలో నాదే ముందు రావాలిగా" అంది.

"ఏంటి?"

"రో తర్వాతే సా."

ప్రసాద్ ఆమె మొహం చూశాడు. "రోజా, వారం నుంచి ఏందో తేడాగా ఉన్నావు. ఏదన్నా ఉంటే అడుగు."

"నువ్వు చెప్పాల్సింది ఏమన్నా ఉంటే చెప్పు."

అతను నోరు తెరిచాడు. ఈలోపు కారాగింది.

నిఖిత వయసు నలభై లోపు. పెళ్లిచీర మీద షూ వేసుకుని దిగింది. చెప్పులు డిక్కీలో ఉన్నాయంది. ఉప్మా పెసరట్టు చెప్పి, సంచిలోంచి బైబిల్ కాపీ తీసింది. పేజీ పేజీకీ రంగు చీటీలు అంటించి ఉన్నాయి. రోజారమణికి ఆ చీటీలు చూసి కొంచెం గౌరవం పుట్టింది. చదివిన మనిషే.

"టోన్ నాకు చాలా నచ్చిందండీ. ఆ దగ్గు. మా వాళ్లందరికీ చదివి వినిపించా. లహరి క్యారెక్టర్ బాగుంది, ఏం కావాలో క్లియర్‌గా ఉంది. ముసలాయన ఇంకా బాగున్నాడు." పసుపుపచ్చ చీటీ దగ్గర ఆగింది. "పున్నమ్మ దగ్గర నాకో పెద్ద ప్రాబ్లం ఉంది."

నిఖిత ఆ పేజీ వాళ్లవైపు తిప్పింది.

"మొదటి ఎపిసోడ్లోనే ఆమె చూసిందని మనకు తెలిసిపోతుంది. ఆమె చెప్తే కథ అయిపోతుంది. అంటే ఇరవై నాలుగు ఎపిసోడ్లూ ఆమె చెప్పకపోవడం మీద నిలబడ్డాయి. మూడో ఎపిసోడ్‌కల్లా చూసేవాడు అడుగుతాడు, ఈవిడ ఎందుకు చెప్పట్లేదు అని. భయమా? పద్దెనిమిదేళ్లు భయపడ్డ మనిషి రోజూ అక్కడికే పనికెందుకొస్తుంది? మీ బైబిల్లో దానికి జవాబు లేదు. ఆ పేజీ ఖాళీ."

రోజారమణి మంచినీళ్ల గ్లాసు పట్టుకుంది. ఇవ్వమాక అన్న దేవరాజ్ గొంతు చెవిలోనే ఉంది.

ప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "ఉంది మేడం జవాబు. ఆమె క్షమించేసింది."

నిఖిత తలెత్తింది.

"పున్నమ్మ నమ్మకస్తురాలు. దేవుణ్ణి నమ్మిన మనిషి. ఆ ఇంటి ఉప్పు తింది. మొగుడు చచ్చాక వీరరాఘవయ్యే పిల్లల్ని చదివించాడు. మనసులోనే క్షమించి, ఎవరితోనూ చెప్పకుండా, ఆ బరువు ఒక్కతే మోస్తోంది. మూడో సీజన్లో లహరి ఒళ్లో తల పెట్టుకుని మొదటిసారి చెప్పుకుని ఏడుస్తుంది."

"ఓ" అంది నిఖిత. పెన్ను తీసింది. "ఎమోషనల్‌గా వర్కవుట్ అవుద్ది. క్షమ. ఓకే." రాసుకోవడం మొదలుపెట్టింది.

రోజారమణి వారం నుంచి భయపడింది దొంగతనం గురించి. ఇప్పుడు జరుగుతున్నది దొంగతనం కాదు. ఏ కాగితం మీద ఎవరి పేరున్నా సరే, పున్నమ్మ వీళ్ల చేతుల్లో ఇట్టా తయారై, ఇరవై నాలుగు ఎపిసోడ్లు ఇట్టాగే బతుకుతుంది. ఊరుకుంటే కథ తనకు దక్కుతుందేమో కానీ పున్నమ్మ దక్కదు.

"అది కాదు మేడం" అంది.

నిఖిత పెన్ను ఆగింది. ప్రసాద్ తలతిప్పి చూశాడు.

"అది కాదు. చెప్తా. చెప్పేముందు ఒక్కటి. మీరు ఇవాళ ఏం విన్నారో, ఎవరు చెప్పగా విన్నారో రాసి, మా ఇద్దరికీ ఒక మెయిల్ పెట్టాలి. సాయంత్రంలోపల."

నిఖిత నవ్వింది. "మీరు టీచర్ కదూ? పెడతానండీ. ఎట్లాగూ మీటింగ్ నోట్సు పంపుతా. మీ పేరు పెట్టే పంపుతా."

రోజారమణి గ్లాసు పక్కకు జరిపింది.

"పున్నమ్మ ఊరుకోలేదు. ఊరుకుందని మీరనుకుంటున్నారు. నాలుగో పేజీలో ‘ఎవరికీ తెలియదు’ అని ఉంది చూడండి, అది తప్పు. అందరికీ తెలుసు."

"అందరికీ అంటే?"

"మా చర్చిల్లో నెలకోసారి సాక్ష్యాలు చెప్తారు. దేవుడు మాకేం చేశాడో, మేం ఏ గండం దాటామో లేచి నిలబడి చెప్తారు. పున్నమ్మ మొదట పోలీసుల దగ్గరికే వెళ్లింది. వాళ్లు రాసుకోలా. ఆ వచ్చే ఆదివారమే చర్చిలో లేచి నిలబడి చెప్పింది. తాళం ఎవరు వేశారో పేరుతో సహా. ప్రతి ఏడూ ఏసురత్నం చచ్చిపోయిన నెల్లో లేచి చెప్తానే ఉంది. పద్దెనిమిది సార్లు. తొడిమలు తీసే ఆడవాళ్లకు తెలుసు, హమాలీలకు తెలుసు, ఆటో వాళ్లకు తెలుసు. ఆ వీధి పిల్లలు పుట్టి పెద్దోళ్లయింది అది వింటానే. ఊళ్లో సగం మందికి తెలుసు. మిగతా సగానికి తెలీదు. ఎందుకంటే వాళ్లెవరూ ఆ చర్చిలో కాలు పెట్టలా."

హోటల్లో ఎవరో పిల్లాడు చెంచా కింద పడేశాడు. ముగ్గురిలో ఎవరూ అటు చూడలేదు.

"మరి పనికెందుకొస్తుంది?" నిఖిత గొంతు తగ్గింది.

"ఆయనకు కనపడటానికి. రోజూ పొద్దున్నే వచ్చి ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చుంటుంది. ఆమె చూసిందో లేదో ఆయనకు తెలీదు. అడగలేడు. పంపించేయలేడు, పంపిస్తే ఎక్కడ ఏం మాట్లాడుద్దోనని. గోదాములో ఆడవాళ్లు నవ్వుకున్నప్పుడల్లా ఎందుకు నవ్వారా అని చూస్తాడు. క్షమించడం కాదు మేడం. కాపలా కాస్తోంది."

నిఖిత క్షమ అన్న మాట మీద అడ్డంగా గీత గీసింది. గబగబా వెనక పేజీలు తిప్పింది. "అయితే రెండో సీజన్ మొత్తం మారిపోద్ది. ఆయన ‘ఎవరికి తెలుసు’ అని వెతుకుతున్నాడు. మనకేమో వెతకాల్సింది ‘ఎవరికి తెలీదు’ అని. ప్రతి సీనులో ఎవరు తెలిసిన సగమో, ఎవరు తెలియని సగమో. మొదటి సీజను ముగింపు..."

"లహరి చర్చిలోకి వస్తుంది" అన్నాడు ప్రసాద్. అతని గొంతు ఎక్కడినుంచో వచ్చినట్టుంది. "ఏదో పనిమీద వస్తుంది. వెనక నిలబడుతుంది. అప్పుడే పున్నమ్మ లేస్తుంది. లహరి వినేది తాత పేరు కాదు. తాత పేరు విన్నప్పుడు అక్కడ ఎవరూ ఉలిక్కిపడకపోవడం చూస్తుంది."

రోజారమణి అతని వంక చూసింది. అది ఆమె నోటుపుస్తకంలో లేదు. అది బాగుంది. బాగుండటం ఆమెకు నచ్చలేదు.

"ఎగ్జాక్ట్లీ" అంది నిఖిత. "నాలుగు, పద్నాలుగు, ఇరవై రెండు పేజీలు, సీజను సీజనుకీ కథ ఎటెళ్తుందో ఆ ఆర్కులు మూడూ, మార్చి పది రోజుల్లో పంపండి. టోన్ ముట్టుకోవద్దు. మాటివ్వలేను, నా పైన ఇద్దరున్నారు. కానీ ఇది వాళ్ల దగ్గరికి నేనే తీసుకెళ్తా." లేచింది. కారెక్కబోతూ వెనక్కి తిరిగి, "ఇంత పెద్ద ముక్క బైబిల్లో పెట్టకుండా దాచుకున్నారేంటండీ?" అంది.

రోజారమణి ఆమెకు కారు తలుపు వేసింది.

ప్రసాద్ తన కారులో నందిగామ దాకా దింపుతానన్నాడు. ఆమె వెనక సీట్లో కూర్చోబోయి, ఆలోచించి ముందు కూర్చుంది. ముందు పోతున్న లారీ పక్క అద్దంలో డ్రైవరు పళ్లు తోముకుంటూ కనపడ్డాడు.

"ఏడు నెలలు" అన్నాడు చివరికి. "ఆ నాలుగో పేజీ నీ ముందే కొట్టా. నువ్వు చూస్తా కూర్చున్నావు."

"కొట్టింది నువ్వు."

"తప్పని చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగొచ్చుగా. ‘ఎవరికీ తెలియదు’ అని రాసేముందు, ఎవరికన్నా తెలుసా అని."

అతను స్టీరింగ్ మీద వేలితో కొట్టాడు. "నన్ను నమ్మలేదన్నమాట."

"ఎస్పీ కాపీలో ఏముంది?"

కారు కొంచెం నెమ్మదించింది. వెనక ఎవడో హారన్ కొట్టాడు.

"చూసావా?"

"పేరు చూసా. తెరవలా."

"పున్నమ్మ లేని కథ." రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. "మీ అన్నయ్య లాయరు. చివర్లో నువ్వు కాదంటే, నోటీసు పంపిస్తే, ఆరేళ్ల తర్వాత నాకు వచ్చిన ఒక్క ఛాన్సు పోతది. అందుకని నువ్వు రాసిన మనుషుల్ని తీసేసి ఇంకోటి రాసుకున్నా."

"పున్నమ్మ లేకుండా కథ ఎట్టా నిలబడింది?"

"నిలబడలా." నవ్వబోయి మానేశాడు. "అందుకే ఫైనలే పంపా."

ఇది నిజమో కాదో ఆమె తూచి చూసింది. నిజంలాగే ఉంది. నిజంలాగే ఉండటం డైలాగులు రాసేవాడికి కష్టం కాదు. "సర్టిఫికెట్?"

"సోమవారం నువ్వు మెంబర్‌షిప్‌కి పెట్టు. ఫారం నేను తెస్తా. కొత్త బైబిల్ ఇద్దరి పేర్లతో మళ్లీ రిజిస్టర్ చేద్దాం. అదయ్యాకే పంపుదాం. మీ అన్నయ్యకి చూపించే పెట్టు సంతకం."

"చూపిస్తా."

ఫోను మోగింది. నిఖిత మెయిల్. ఇద్దరికీ వచ్చింది. రోజారమణి చదివింది. పున్నమ్మ సాక్ష్యం దగ్గర ఆమె పేరుంది. మొదటి సీజను ముగింపు దగ్గర ప్రసాద్ పేరుంది. దాన్ని అన్నకు పంపించి ఫోను సంచిలో వేసుకుంది.

నందిగామలో ఆమె దిగే చోట ప్రసాద్ కారు పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. ఆమె డోరు మీద చెయ్యి వేసింది.

"రోజా. ఆ సాక్ష్యాల సీను నేను రాయలేను. ఒక్కసారన్నా చూడాలి."

"వచ్చే ఆదివారం నెలలో మొదటిది, సాక్ష్యాలుంటాయి. పదింటికి వీరులపాడు చర్చికి రా. వెనక బెంచీలో కూర్చో. ఫోను బయట మా అమ్మకిచ్చి రా."

"ఫోను దేనికి?"

"వాళ్లు చెప్పేది రికార్డింగు కోసం కాదు."

అతను తలూపాడు. ఆమె దిగింది. రెండడుగులు వేసేలోపు అతను పక్క సీటు మీదుగా వంగి అద్దం దించాడు.

"రోజా, ఒకటి అడుగుతా. ఆ పున్నమ్మ... నువ్వు ఊరికే పుట్టించిందేనా?"

"పేరు నేనే పెట్టా."

"మా తాతగారు మొదట్లో మిర్చి వ్యాపారం చేశారు. నీకు తెలుసా?"

"మీ అమ్మగారు చెప్పారు. మొన్న శనివారమే."

"అంతకు ముందు తెలీదా?"

వెనక ఆర్టీసీ బస్సు వచ్చి, దారిమ్మని హారన్ మీద చెయ్యి తీయకుండా కొడుతోంది. ప్రసాద్ కారు కదల్చలేదు. అతని మొహంలో, ఏడు నెలలుగా అతను వీరరాఘవయ్యకు రాసిన చూపు ఉంది.

"ఆదివారం అక్కడ మా ఇంటి పేరేమన్నా వస్తదా రోజా?"

వస్తుందనీ ఆమెకు తెలియదు. రాదనీ తెలియదు. చర్చి వీధిలో చెప్పుకునేవన్నీ ఆమె వినలేదు.

"వస్తే వినపడుద్ది" అంది. "పదింటికి."